పూర్వ పరిశోధన సమీక్షలో క్రియాకాలాల సవరణ

పూర్వ పరిశోధన సమీక్ష అనేది సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం. పరిశోధకుడు తనకు ముందు అదే విషయంపై పనిచేసినవారు ఏమి చేశారో, ఏమి తేల్చారో ఇందులో వివరిస్తాడు. ఈ అధ్యాయంలో "చెప్పారు", "చెబుతారు", "చెబుతున్నారు" అనే మూడు రకాల క్రియలు ఒకే పేరాలో కారణం లేకుండా కలిసిపోవడం తరచుగా కనబడే లోపం. దీనిని సరిచేయడమే క్రియాకాలాల సవరణ. అన్ని క్రియలనూ ఒకే కాలంలోకి మార్చడం సవరణ కాదు. ప్రతి క్రియ దేని గురించి చెబుతున్నదో గుర్తించి, దానికి తగిన కాలాన్ని నిలకడగా వాడడం సవరణ. ఈ వ్యాసం తెలుగులో వ్రాసే సిద్ధాంత గ్రంథాలకు సంబంధించినది.

## సమస్య స్వరూపం

సమీక్షలో క్రియాకాలం ఒక వాదం ఇప్పటికీ నిలిచి ఉన్నదా, లేక ఒకప్పుడు ఉండి తర్వాత వీగిపోయినదా అనే సంగతిని కూడా పాఠకునికి తెలుపుతుంది. ఉదాహరణకు చిలుకూరి నారాయణరావు 1937లో వెలువడిన "ఆంధ్రభాషా చరిత్రము"లో తెలుగు ప్రాకృతం నుండి పుట్టిందని వాదించారు. ఈ వాదాన్ని భాషాశాస్త్రం నేడు అంగీకరించడం లేదు. ఒక సిద్ధాంత గ్రంథంలో "నారాయణరావు తెలుగు ప్రాకృత జన్యమని నిరూపిస్తున్నారు" అని ఉంటే, గ్రంథకర్త కూడా ఆ వాదాన్ని అంగీకరించాడని చదువరి అనుకుంటాడు. అదే "1937లో వాదించారు" అని ఉంటే అది చరిత్రలోని ఒక వాదంగా అర్థమవుతుంది. రెండు వాక్యాలకూ ఆధారమైన పుస్తకం ఒకటే అయినా, పరీక్షకుడు అడిగే ప్రశ్న మాత్రం వేరుగా ఉంటుంది.

కాలాలు కలగాపులగంగా ఉన్న అధ్యాయంలో ఈ తేడా పూర్తిగా చెడిపోతుంది. ఒక వాక్యంలో వర్తమానం అంగీకారాన్ని తెలుపుతుంది. పక్క వాక్యంలో అదే వర్తమానం అలవాటుగా పడినదై ఉంటుంది. ఏది ఏదో తెలుసుకునే మార్గం పాఠకునికి ఉండదు.

## తెలుగు క్రియలో కాలం

పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణములో క్రియకు భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు తద్ధర్మాన్ని కూడా చెప్పాడు. తద్ధర్మం అంటే ఒక కాలానికి కట్టుబడకుండా స్వభావాన్ని, అలవాటును, ఎప్పుడూ నిలిచి ఉండే విషయాన్ని తెలిపేది. "సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు" అన్నప్పుడు "ఉదయిస్తాడు" తద్ధర్మ క్రియ.

నేటి వ్రాత భాషలో సమీక్షకు ఈ క్రింది మూడు రూపాలు ముఖ్యమైనవి.

* భూతకాలం - చెప్పారు, ప్రతిపాదించారు, పేర్కొన్నారు. జరిగి ముగిసిన పనిని తెలుపుతుంది.
* తద్ధర్మం - చెబుతారు, ప్రతిపాదిస్తారు, అంటారు. నేటి భాషలో భవిష్యత్తుకు కూడా ఇదే రూపం.
* వర్తమానం - చెబుతున్నారు, ప్రతిపాదిస్తున్నారు. ఇప్పుడు జరుగుతూ ఉన్న పనిని తెలుపుతుంది.

వీటికి తోడు తెలుగులో క్రియ లేని వాక్యం కూడా ఉన్నది. "తెలుగు ద్రావిడ భాష" అనే వాక్యంలో క్రియ లేదు కనుక కాలమూ లేదు. స్థిరపడిన విషయాలను చెప్పడానికి ఈ వాక్యం చాలా అనువైనది. దీనికి అనవసరంగా క్రియను తగిలించి "తెలుగు ద్రావిడ భాష అయింది" అంటే, మునుపు కానిది తర్వాత అలా మారినదనే అర్థం వస్తుంది.

ఆంగ్లంలో సమీక్షలకు వేర్వేరు సంప్రదాయాలు ఉన్నాయి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారి రచనా నియమావళి (ఏడవ కూర్పు, 2020) పూర్వ పరిశోధనలను భూతకాలంలో గానీ, భూతంలో మొదలై వర్తమానంతో సంబంధం కలిగిన పూర్ణ వర్తమానంలో గానీ చెప్పమంటుంది. సాహిత్య విమర్శలో మాత్రం గ్రంథంలోని విషయాన్ని సామాన్య వర్తమానంలో చెప్పడం వాడుక. ఈ సామాన్య వర్తమానానికి తెలుగులో సరిపోయేది "అంటున్నారు" కాదు, "అంటారు". ఆంగ్లంలో చదివి తెలుగులో వ్రాసేవారు ఈ రెండింటినీ కలగలపడం వల్లనే "1856లో ప్రచురిస్తున్నాడు" వంటి వాక్యాలు పుడతాయి.

## కాలాలు ఎందుకు కలిసిపోతాయి

సమీక్ష అధ్యాయం ఒక్కసారిగా వ్రాసేది కాదు. మొదటి సంవత్సరంలో చదివిన పుస్తకాల గురించి కాగితాలపై వ్రాసుకున్న వివరణలు, నడుమ సదస్సులో సమర్పించిన పత్రం, చివరి సంవత్సరంలో చదివిన వ్యాసాల సారాంశం అన్నీ కలిసి ఈ అధ్యాయం అవుతాయి. పుస్తకం ఎదురుగా పెట్టుకుని వ్రాసినప్పుడు "ఈయన ఇలా అంటున్నారు" అని వ్రాయడం సహజం. నెలల తర్వాత జ్ఞాపకం నుండి వ్రాసినప్పుడు "ఆయన ఇలా అన్నారు" అని వస్తుంది. అందువలన ఒక అధ్యాయంలో కాలం ఎక్కడ మారుతున్నదో చూస్తే, రెండు వేర్వేరు సమయాలలో వ్రాసిన భాగాలు ఎక్కడ అతుక్కున్నాయో చాలాసార్లు తెలిసిపోతుంది.

పరిశోధన ప్రారంభంలో ఇచ్చే ప్రణాళిక మరొక కారణం. అందులో "పూర్వ గ్రంథాలను పరిశీలిస్తాను" అని భవిష్యత్తులో వ్రాస్తారు. ఆ భాగాన్ని తర్వాత అధ్యాయంలో చేర్చినప్పుడు, అప్పటికే పూర్తయిన పని ఇంకా చేయబోతున్నట్లుగా మిగిలిపోతుంది.

## మూడు సందర్భాలు

సమీక్షలోని ప్రతి వాక్యం సాధారణంగా ఈ క్రింది మూడింటిలో ఒకదాని గురించి చెబుతుంది. కాలాన్ని నిర్ణయించేది ఈ విభజనే.

### పరిశోధన అనే సంఘటన

ఒక వ్యక్తి ఒక సంవత్సరంలో ఒక పని చేయడం సంఘటన. సర్వే చేయడం, సేకరించడం, ప్రచురించడం, వాదించడం, ఖండించడం అన్నీ ఇందులోకి వస్తాయి. వీటికి భూతకాలం తగినది. వాక్యంలో సంవత్సరం నేరుగా క్రియకు సంబంధించి ఉంటే అది సంఘటన అని గుర్తు. "కాల్డ్వెల్ 1856లో ప్రచురించారు" అన్నచోట తద్ధర్మం వాడితే కథ చెబుతున్న ధోరణి వస్తుంది, వర్తమానం వాడితే అర్థమే పొసగదు.

### గ్రంథంలోని విషయం

పుస్తకం ఎప్పుడు తెరిచినా అందులో కనబడేది గ్రంథ విషయం. దీనికి తద్ధర్మం తగినది. ఉదాహరణకు "గురజాడ అప్పారావు 1909లో కన్యాశుల్కం రెండవ కూర్పును ప్రచురించారు" అనేది సంఘటన. "ఈ నాటకంలో గిరీశం వెంకటేశానికి చదువు చెప్పే నెపంతో వారి ఊరికి చేరతాడు" అనేది గ్రంథ విషయం. ఈ రెండు వాక్యాలు పక్కపక్కనే వచ్చినా దోషం లేదు. ఎందుకనగా మారినది కాలం ఒక్కటే కాదు, చెప్పే వస్తువు కూడా మారింది.

సంవత్సరం పుస్తకానికి విశేషణంగా ఉన్నచోట, అంటే "1856 నాటి గ్రంథంలో" అన్నచోట, "వాదించారు" అనవచ్చు, "వాదిస్తారు" అని కూడా అనవచ్చు. ఇటువంటి చోట్ల అధ్యాయం మొత్తానికి ఒకటే ఎన్నుకోవాలి. చరిత్ర క్రమంలో నడిచే సమీక్షకు భూతకాలం నప్పుతుంది. ఒకటి రెండు గ్రంథాలలోని వాదాలను లోతుగా చర్చించే సమీక్షకు తద్ధర్మం నప్పుతుంది.

### నేటి స్థితి

ఆ రంగంలో ఇప్పుడు ఏది స్థిరపడి ఉన్నది, ఏది చర్చలో ఉన్నది అని చెప్పే వాక్యాలు ఇవి. స్థిరపడిన విషయానికి క్రియ లేని వాక్యం గానీ, తద్ధర్మం గానీ సరిపోతుంది. నడుస్తున్న చర్చకు వర్తమానం సరిపోతుంది. "ఈ విషయంపై చర్చ కొనసాగుతున్నది" అన్న వాక్యంలో వర్తమానం దాని అసలు అర్థంలో వచ్చింది. ఈ మూడవ సందర్భానికి మారేటప్పుడు "నేడు", "ఇప్పటికీ" వంటి మాట ఒకటి ఉంటే చదువరి తడబడడు.

## "అని"కి ముందున్న క్రియ

ఇతరుల అభిప్రాయాన్ని చెప్పే వాక్యంలో రెండు క్రియలు ఉంటాయి. చివర వచ్చే "చెప్పారు" ఒకటి, "అని"కి ముందు వచ్చేది మరొకటి. సవరణలో అతి ఎక్కువ నష్టం జరిగేది ఈ రెండవదాని దగ్గరే.

ఆంగ్లంలో ప్రధాన క్రియ భూతకాలంలో ఉంటే లోపలి క్రియ కూడా సాధారణంగా భూతంలోకి మారుతుంది. తెలుగులో ఈ నియమం లేదు. లోపలి క్రియ తన కాలాన్ని తానే నిలుపుకుంటుంది. ఈ క్రింది మూడు వాక్యాలను పరిశీలించండి.

* ధ్వనులు నియమబద్ధంగా మారతాయని చెప్పారు.
* ధ్వనులు నియమబద్ధంగా మారాయని చెప్పారు.
* ధ్వనులు నియమబద్ధంగా మారుతున్నాయని చెప్పారు.

మొదటిది అన్ని భాషలకూ వర్తించే ఒక సాధారణ సూత్రం. రెండవది ఒక భాషలో గతంలో జరిగిన మార్పు. మూడవది ఆ పరిశోధకుడు మాట్లాడుతున్న సమయంలో జరుగుతున్న మార్పు. చివరి క్రియ మూడింటిలోనూ ఒకటే అయినా, చెప్పినవారి వాదం మూడు విధాలుగా ఉన్నది. కనుక "చెప్పారు" భూతకాలంలో ఉన్నదని "మారతాయని"ని "మారాయని"గా మార్చితే, ఆ పండితుడు చెప్పని మాటను ఆయనకు అంటగట్టినట్లే అవుతుంది. ఆంగ్ల మూలం నుండి అనువదించిన వాక్యాలలో ఈ పొరపాటు ముందే జరిగి ఉండవచ్చు. అటువంటివాటిని మూలంతో పోల్చి చూడకుండా సవరించరాదు.

అలాగే "ఉండేది", "ఉండేవి" అనే రూపాలు ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేనిదాన్ని సూచిస్తాయి. ఇప్పటికీ ఉన్నదాని గురించి వీటిని వాడరాదు.

## సవరణ పద్ధతి

తెలుగు వాక్యంలో సమాపక క్రియ సాధారణంగా చివరన వస్తుంది. అందువలన వాక్యాల చివరి పదాలను మాత్రమే వరుసగా చూస్తే అధ్యాయంలోని కాలాల పరిస్థితి చాలావరకు తెలుస్తుంది. యూనికోడ్‌లో టైపు చేసిన అధ్యాయాన్ని లిబ్రేఆఫీస్ రైటర్‌లో తెరిచి, వెదికే పెట్టెలో `Regular expressions` ఎంచుకుని ఈ క్రింది గుర్తును ఇవ్వాలి.

```
\S+\.
```

ఆపై `Find All` నొక్కితే చుక్కకు ముందున్న పదాలన్నీ ఒకేసారి ఎంపికవుతాయి. వాటికి ఒక రంగు వేసుకుంటే పేజీలో క్రియల వరుస కంటికి కనబడుతుంది. "సి.పి." వంటి పొడి అక్షరాలకు కూడా రంగు పడుతుంది, వాటిని వదిలివేయాలి. పాత అను ఫాంట్లలో టైపు చేసిన అధ్యాయంలో తెరపై కనబడే అక్షరం వేరు, లోపల నిలిచే సంకేతం వేరు. కనుక అందులో ఈ పద్ధతిని నమ్మరాదు. అచ్చు తీసిన ప్రతిలో పెన్సిలుతో గీతలు గీసుకోవడమే మేలు.

తర్వాత ప్రతి వాక్యం పక్కన అది ఏ సందర్భానికి చెందినదో ఒక గుర్తు వేయాలి. సంఘటనకు "సం", గ్రంథ విషయానికి "గ్రం", నేటి స్థితికి "నే" అని వ్రాసుకుంటే చాలు. ఈ దశలో ఏ క్రియనూ మార్చరాదు. గుర్తులు వేయడం, మార్చడం ఒకేసారి చేస్తే, వాక్యం అర్థం కంటే పక్క వాక్యం శబ్దమే నిర్ణయాన్ని నడిపిస్తుంది. గుర్తు ఏది వేయాలో తెలియని వాక్యం ఎదురైతే, కాలం సంగతి అటుంచి ఆ వాక్యంలోని విషయమే గ్రంథకర్తకు స్పష్టంగా లేదని గ్రహించాలి. అటువంటిచోట తిరిగి మూల గ్రంథాన్ని చూడవలసి ఉంటుంది.

గుర్తులన్నీ వేసిన తర్వాత "సం" వాక్యాలను మొదట, "గ్రం" వాక్యాలను తర్వాత, "నే" వాక్యాలను చివర సవరించాలి. ఒకే రకం వాక్యాలను వరుసగా చూడడం వల్ల నిర్ణయం మారకుండా ఉంటుంది.

వర్తమాన క్రియలను విడిగా పట్టుకోవడానికి ఈ క్రింది నాలుగు అక్షర సముదాయాలను ఒక్కొక్కటిగా వెదకవచ్చు.

```
తున్న
టున్న
తోంది
టోంది
```

మొదటిది "చెబుతున్నారు", "చేస్తున్నది" వంటివాటిని, రెండవది "అంటున్నారు", "తీసుకుంటున్నారు" వంటివాటిని, చివరి రెండూ "కొనసాగుతోంది", "అంటోంది" వంటివాటిని చూపుతాయి. వర్తమాన క్రియ దొరికిన ప్రతిచోట దాని ముందు "నేటికీ" అనే మాట పెట్టి చదవాలి. "కాల్డ్వెల్ నేటికీ ప్రతిపాదిస్తున్నారు" అనేది అసంబద్ధం కనుక అక్కడ వర్తమానం నిలవదు. "చర్చ నేటికీ కొనసాగుతోంది" అనేది సరిగా ఉన్నది కనుక నిలుస్తుంది.

## ఒక ఉదాహరణ

ద్రావిడ భాషా కుటుంబంలో తెలుగు స్థానం గురించిన ఒక అధ్యాయంలో ఈ క్రింది పేరా ఉన్నదనుకుందాం. ఇది వివరణ కోసం తయారు చేసినది.

> (1) ఎల్లిస్ 1816లో తెలుగు సంస్కృతం నుండి పుట్టలేదని నిరూపిస్తాడు. (2) కాల్డ్వెల్ 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణాన్ని ప్రచురిస్తున్నాడు. (3) ద్రావిడ భాషలు ఒక ప్రత్యేక కుటుంబంగా ఉండేవని చెప్పాడు. (4) చిలుకూరి నారాయణరావు తెలుగు ప్రాకృత జన్యమని నిరూపిస్తున్నారు. (5) భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో తెలుగు ధాతువులను పరిశీలిస్తారు. (6) 2003 నాటి గ్రంథంలో ఆయన తెలుగును గోండి, కుయి, కువి భాషలతో ఒక శాఖలో చేర్చారు. (7) తెలుగు ద్రావిడ భాష అయింది.

చివరి పదాలు చూస్తే మూడు భూతకాలంలో, రెండు తద్ధర్మంలో, రెండు వర్తమానంలో ఉన్నాయి. సందర్భాల ప్రకారం చూస్తే మొదటి ఆరు వాక్యాలూ పరిశోధన చరిత్రలోని సంఘటనలు. ఏడవది మాత్రమే నేటి స్థితి. కాబట్టి ఈ పేరాకు భూతకాలం మూల కాలం కావాలి.

మొదటి వాక్యంలో సంవత్సరం క్రియకు చెందినది కనుక "నిరూపిస్తాడు" భూతంలోకి మారాలి. లోపలి "పుట్టలేదని" మాత్రం అలాగే ఉండాలి. భాష పుట్టుక ఎలాగూ గతంలోని విషయమే. రెండవ వాక్యం నేరుగా భూతంలోకి మారుతుంది. మూడవ వాక్యంలో చివరి క్రియ సరిగానే ఉన్నది, లోపలిదే తప్పు. "ఉండేవని" అంటే ఆ కుటుంబం ఇప్పుడు లేదని అర్థం వస్తుంది. క్రియను తీసివేసి "ప్రత్యేక కుటుంబమని" అంటే సరిపోతుంది.

నాలుగవ వాక్యంలో రెండు సవరణలు అవసరం. కాలం భూతం కావాలి. దానితో పాటు "నిరూపించు" అనే క్రియ కూడా మారాలి. నిరూపించడం అంటే ఆ విషయం నిజమని తేలడం. "నిరూపించారు" అని భూతంలోకి మార్చినంత మాత్రాన ఈ అర్థం పోదు. వీగిపోయిన వాదానికి "వాదించారు", "ప్రతిపాదించారు" అనే తటస్థ క్రియలు తగినవి. అదే మొదటి వాక్యంలో, తర్వాతి పరిశోధన ఎల్లిస్ మాటను బలపరిచింది కనుక, "చూపారు" అనవచ్చు.

అయిదవ వాక్యం భూతంలోకి మారుతుంది. ఆరవది అలాగే ఉంటుంది. ఏడవదానిలో "అయింది" తొలగించి, ఇది నేటి స్థితి అని తెలిపే మాట చేర్చాలి. ఎల్లిస్, కాల్డ్వెల్‌లకు ఏకవచనం, తెలుగు పండితులకు గౌరవ వచనం వాడిన తేడాను కూడా ఇదే సమయంలో సరిచేయవచ్చు, క్రియ చివరి భాగాన్ని ఎలాగూ తాకవలసి వస్తుంది. సవరించిన పేరా ఇలా ఉంటుంది.

> ఎల్లిస్ 1816లో తెలుగు సంస్కృతం నుండి పుట్టలేదని చూపారు. కాల్డ్వెల్ 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణాన్ని ప్రచురించి, ద్రావిడ భాషలు ఒక ప్రత్యేక కుటుంబమని ప్రతిపాదించారు. చిలుకూరి నారాయణరావు 1937లో దీనికి భిన్నంగా తెలుగు ప్రాకృత జన్యమని వాదించారు. భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో తెలుగు ధాతువులను పరిశీలించారు. 2003 నాటి గ్రంథంలో ఆయన తెలుగును గోండి, కుయి, కువి భాషలతో ఒక శాఖలో చేర్చారు. తెలుగు ద్రావిడ భాష అన్నది నేడు స్థిరపడిన విషయం. ప్రాకృత జన్య వాదాన్ని భాషాశాస్త్రజ్ఞులు అంగీకరించడం లేదు.

మొదటి పేరాలో ఎల్లిస్‌కూ నారాయణరావుకూ ఒకే క్రియ ఉన్నది. పరస్పరం పొసగని రెండు వాదాలూ నిరూపితమైనట్లు అందులో కనబడుతుంది. రెండవ పేరాలో ఏది నిలిచినది, ఏది వీగినది అనేది స్పష్టంగా తెలుస్తుంది. చివరి వాక్యం మునుపు లేదు. కాలం గురించి ఆలోచించినప్పుడు ఇటువంటి లోటు బయటపడడం సాధారణం.

## తరచుగా జరిగే పొరపాట్లు

మూకుమ్మడి మార్పిడి. "న్నారు" అని ఉన్నచోటల్లా మార్చమని కంప్యూటరుకు చెప్పడం ప్రమాదకరం. "చెబుతున్నారు" వర్తమానమే అయినా "పేర్కొన్నారు", "అన్నారు", "విన్నారు" అనేవి భూతకాల క్రియలు. చివర చూడడానికి అన్నీ ఒకలాగే ఉంటాయి. వెదకడం వరకే యంత్రానికి వదలి, మార్చడం చేతితో చేయాలి.

"జరిగింది" వాడకం. ఏ కాలం వాడాలో తేలనప్పుడు కొందరు "పేర్కొనడం జరిగింది", "ప్రతిపాదించడం జరిగింది" అని వ్రాస్తారు. "జరిగింది" కూడా భూతకాల క్రియే కనుక సమస్య తీరదు. పైగా పేర్కొన్నది ఎవరు, పూర్వ పరిశోధకుడా, గ్రంథకర్తా అనేది తెలియకుండా పోతుంది. సమీక్షలో అది తెలియడమే ముఖ్యం.

"చెప్పి ఉంటారు". ఆంగ్లంలోని పూర్ణ వర్తమానానికి సమానంగా "చెప్పి ఉన్నారు" అని కొందరు వాడతారు. దీనిని తద్ధర్మంలోకి మార్చబోయి "చెప్పి ఉంటారు" అని వ్రాస్తే, బహుశా చెప్పారేమో అనే ఊహ అర్థం వస్తుంది. ఆధారమున్న విషయం అనుమానంగా మారిపోతుంది. "చెప్పారు" అనడమే మంచిది.

వ్యతిరేక రూపాలు. "ప్రస్తావించలేదు" భూతకాలపు వ్యతిరేకం. తద్ధర్మం మూల కాలంగా ఉన్న అధ్యాయంలో దీనిని "ప్రస్తావించరు" అని మార్చితే, ఇకపై ప్రస్తావించబోరు అనే ధ్వని రావచ్చు. "ఈ గ్రంథంలో గోండి ప్రస్తావన లేదు" అని నామవాచకంతో చెబితే ఏ చిక్కూ ఉండదు.

విశేషణ రూపాలను మరచిపోవడం. "చెప్పిన", "చెప్పే", "చెబుతున్న" అనే రూపాలు కూడా కాలాన్ని తెలుపుతాయి. ఇవి వాక్యం చివర రావు కనుక చివరి పదాల వరుసలో దొరకవు. "కాల్డ్వెల్ చెబుతున్న వర్గీకరణ" అన్నది "కాల్డ్వెల్ చెప్పిన వర్గీకరణ" కావాలి. పైన ఇచ్చిన "తున్న" వెదుకులాటలో ఇవి కూడా కనబడతాయి. "చెప్పి", "చెబుతూ", "చెప్పగా" వంటి అసమాపక క్రియల కాలాన్ని వాక్యం చివరి క్రియే నిర్ణయిస్తుంది. వాటిని మార్చనవసరం లేదు.

## పరిమితులు

ఉటంకించిన మాటలను, గ్రంథాల పేర్లను సవరించరాదు. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నది ఏ కాలంలో ఉన్నా అలాగే ఉండాలి. దాని చుట్టూ ఉన్న తన వాక్యాన్ని మాత్రమే గ్రంథకర్త మార్చవచ్చు. "ఈ అధ్యాయం మూడు భాగాలుగా ఉన్నది", "తర్వాతి అధ్యాయంలో వివరిస్తాను" వంటి గ్రంథ నిర్మాణ వాక్యాలకు పై విభజన వర్తించదు. అవి పుస్తకం చేతిలో ఉన్న చదువరికి దారి చూపేవి. విశ్వవిద్యాలయం గానీ, పర్యవేక్షకుడు గానీ ఒక నిర్ణీత పద్ధతిని కోరితే మూల కాలం విషయంలో దానినే పాటించాలి. అప్పుడు కూడా "అని"కి ముందున్న క్రియను ఆ నియమానికి లోబరచరాదు, అది మూల రచయిత వాదానికి చెందినది.

సవరణ సరిగా జరిగినదో లేదో తెలుసుకోవడానికి ఆ విషయం తెలియని ఒకరి చేత రెండు మూడు పేజీలు చదివించవచ్చు. ప్రతి వాదం దగ్గర "దీనిని ఈ గ్రంథకర్త ఇప్పుడు అంగీకరిస్తున్నాడా" అని అడగాలి. వారు చెప్పిన జవాబు గ్రంథకర్త ఉద్దేశంతో కలవని వాక్యాలను మరల చూడాలి.

## ఇవి కూడా చూడండి

* బాలవ్యాకరణము
* తెలుగు వ్యాకరణం
* క్రియ
* ద్రావిడ భాషలు
* భద్రిరాజు కృష్ణమూర్తి